దరఖాస్తు పంపాక తప్పు కనిపిస్తే: రిక్రూటర్‌కు సవరణ ఎలా రాయాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో పన్నెండేళ్లు నియామకాల పని చూశాను. దరఖాస్తు పంపిన రెండు మూడు రోజులకు "సార్, నా దరఖాస్తులో చిన్న పొరపాటు జరిగింది, కొత్త రెజ్యూమే జతచేశాను, దయచేసి దీన్ని పరిగణించగలరు" అంటూ మెయిళ్లు వచ్చేవి. ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేశారో అందులో ఉండదు, ఏది తప్పో ఉండదు. పాత రెజ్యూమే ఒక పక్క, కొత్తది ఒక పక్క పెట్టుకుని గీత గీతా పోల్చి తేడా నేనే వెతుక్కోవాలి. నిజం చెప్పాలంటే చాలాసార్లు వెతకలేదు. పాత వివరాలే ముందుకు వెళ్లాయి. రాసినవాళ్లు మాత్రం సవరణ పంపేశామని నిశ్చింతగా ఉండి ఉంటారు.

సవరణ అందుకున్న మనిషి మరో ఫైలు తెరవకుండా, మీకు ఫోను చేయకుండా, తన దగ్గరున్న నమోదులో ఆ ఒక్క గడిని మార్చుకోగలగాలి. మెయిలు రాసేటప్పుడు ఈ కొలత ఒక్కటి చాలు. ఎలా రాయాలో మా మేనల్లుడి విషయంలో జరిగిన దాన్ని పట్టుకుని చెబుతాను. అతను చేసిన తప్పు చాలామంది చేసేదే. దాన్ని సరిదిద్దుకోవడం మాత్రం అంత తేలిక కాలేదు, ఎందుకంటే ఆ తప్పు అతనికి లాభంగా పడింది.

ఏం జరిగిందంటే

వాడిది పాలకొల్లు. బీఎస్సీ చదివి, ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ టెక్నీషియన్‌గా పనిచేశాడు. 2021 ఆగస్టు 6న చేరాడు, 2024 జూన్ 30న వదిలాడు. తర్వాత కాకినాడ వైపు మరో ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి ప్రకటన పడింది. కనీసం మూడేళ్ల అనుభవం కావాలన్నారు. ముందు వాడు దాన్ని గమనించలేదు. జులై 12, శుక్రవారం నాడు ఆన్‌లైన్ ఫారం నింపాడు.

ఆ ఫారంలో తేదీ గడి `MM/DD/YYYY` పద్ధతిలో ఉంది. అంటే ముందు నెల, తర్వాత రోజు. మనకు అలవాటైనది రోజు ముందు. వాడు ఆగస్టు 6 అనుకుంటూ `06/08/2021` అని కొట్టాడు. ఫారం దాన్ని జూన్ 8గా తీసుకుంది. వదిలిన తేదీగా `30/06/2024` అని కొడితే ఒప్పుకోలేదు, ముప్పయ్యో నెల లేదు కాబట్టి. అప్పుడు పక్కనున్న క్యాలెండర్ బొమ్మ నొక్కి జూన్ 30 ఎంచుకున్నాడు. మొదటి తేదీని కూడా ఆ క్షణంలోనే అనుమానించి ఉండాల్సింది. రోజు 12 లోపు ఉన్న తేదీలు ఇలా చడీచప్పుడు లేకుండా తారుమారవుతాయి. 12 దాటినవి మాత్రమే ఫారం పట్టుకుంటుంది. మీరు నింపిన ఫారంలో ఏ ఒక్క తేదీకి అభ్యంతరం వచ్చినా, మిగిలిన తేదీలన్నీ మళ్లీ చూసుకోండి.

ఆదివారం సాయంత్రం బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో దరఖాస్తు ప్రతిని ప్రింటు తీయించుకున్నప్పుడు వాడికి తప్పు కనిపించింది. చేరిన తేదీ జూన్ 8 అయ్యేసరికి అనుభవం 3 సంవత్సరాల 23 రోజులని లెక్క కట్టి ఉంది. అసలైతే 2 సంవత్సరాల 10 నెలల 25 రోజులే. ప్రకటనలోని మూడేళ్ల షరతు కూడా అప్పుడే కళ్లబడింది. నాకు ఫోను చేశాడు.

"మావయ్యా, తప్పు తేదీతోనే అర్హత వచ్చింది. చెప్తే పోతుంది. చెప్పకుండా ఉంటే ఏమవుతుంది?"

"యాభై కౌంటు సరుకును నలభై కౌంటని చెప్పి లారీ ఎక్కిస్తే ఏమవుతుందిరా?"

వాడికి అర్థమైంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంటు. చెరువు గట్టు మీద ఎంతైనా చెప్పుకోవచ్చు, ప్లాంటు దగ్గర శాంపిల్ తీసి తూచి లెక్కపెడతారు. ఉద్యోగంలో చేరిన తేదీ కూడా అంతే, దాన్ని కచ్చితంగా తూచే చోట్లు మూడున్నాయి. మొదటిది మీ రెజ్యూమే. వాడి రెజ్యూమేలో "ఆగస్టు 2021" అని సరిగానే ఉంది. అంటే ఫారం ఒక మాట, రెజ్యూమే ఇంకో మాట చెబుతున్నాయి. దరఖాస్తుల్ని వడకట్టేటప్పుడు ఫారంలోని గడుల్నే చూస్తారు, రెజ్యూమే ఇంటర్వ్యూ బల్ల మీద తెరుస్తారు. తేడా అక్కడ బయటపడుతుంది, అదీ మీ ఎదురుగానే. రెండోది పాత కంపెనీ ఇచ్చిన అనుభవ ధ్రువపత్రం. మూడోది పీఎఫ్ ఖాతా. దాంట్లో ఏ యజమాని దగ్గర ఎప్పుడు చేరారో, ఎప్పుడు వదిలారో తేదీలతో సహా ఉంటుంది. ఉద్యోగం ఖాయం చేసే ముందు చాలా కంపెనీలు ఆ వివరాలు అడుగుతాయి.

రాయడానికి ముందు

తప్పు కనిపించగానే ఫోను తీసి మెసేజి కొట్టకండి. ముందు సరైన వివరం ఏమిటో కాగితం మీద తేల్చుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడి ఒక తప్పును ఇంకో తప్పుతో సవరిస్తే ఆ తర్వాత మిమ్మల్ని నమ్మరు. మా వాడు కూడా మొదట "ఆగస్టు మొదటి వారం" అన్నాడే గాని తేదీ గట్టిగా చెప్పలేకపోయాడు.

అనుభవ ధ్రువపత్రం, మొదటి నెల జీతం చీటీ, పీఎఫ్ వివరాలు పక్కపక్కన పెట్టుకోండి. పీఎఫ్ సభ్యుల పోర్టల్‌లో యూఏఎన్ నంబరుతో లాగిన్ అయితే `Service History` అనే చోట తేదీలు కనిపిస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని ప్లాంట్లలో మొదటి కొన్ని నెలలు శిక్షణగా చూపి, ఆ తర్వాతే పీఎఫ్‌లో చేరుస్తారు. అలాంటప్పుడు పీఎఫ్‌లోని చేరిన తేదీ ధ్రువపత్రంలోని తేదీ కంటే వెనక పడుతుంది. మీరు తప్పు రాసినట్టు కాదది. రెండూ వేరువేరు విషయాలు చెబుతున్నాయి, అంతే. అనుభవ ధ్రువపత్రంలో ఉన్న తేదీనే దరఖాస్తులో రాయండి. పీఎఫ్ తేదీ వేరుగా ఉంటే, ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి కారణం సిద్ధంగా ఉంచుకోండి. మా వాడి విషయంలో మూడూ ఆగస్టు 6 అనే చెప్పాయి.

ఆ కాగితాలు బయట ఉండగానే దరఖాస్తు మొత్తాన్ని మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదవండి. ఇంకో తప్పు ఉంటే ఇదే మెయిల్లో వెళ్లాలి. సోమవారం ఒక సవరణ, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి పంపే మనిషిని క్వాలిటీ విభాగంలోకి ఎవరు తీసుకుంటారు?

ప్రతి తేడానూ సవరించనక్కర్లేదు. రెజ్యూమేలో ఒక అక్షరదోషం ఉంటే వదిలేయండి, దాని కోసం మెయిలు రాస్తే ఆ దోషానికి మీరే దండోరా వేసినట్టు. తప్పుల్లా కనిపించే ఒప్పులు కూడా కొన్ని ఉంటాయి. మన ప్రాంతంలో తరచూ ఎదురయ్యేది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. రాజోలు పిల్లల పదో తరగతి పత్రాల్లో తూర్పు గోదావరి అని ఉంటుంది, ఇప్పటి చిరునామాలో కోనసీమ అని రాస్తారు. ఇందులో సవరించేది ఏమీ లేదు. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్న గొడవ మాత్రం వేరు. ఫారం పదో తరగతి పత్రంలో ఉన్నట్టు పేరు రాయమన్నప్పుడు మీరు అందుకు భిన్నంగా రాసి ఉంటే, అది సవరించవలసిందే. తర్వాత ధ్రువపత్రాలు సరిచూసేటప్పుడు అక్కడే ఆగిపోతుంది.

ఎక్కడికి పంపాలి

ముందు పోర్టల్ చూడండి. కొన్నిటిలో చివరి తేదీ వరకు దరఖాస్తును మార్చుకునే వీలు ఉంటుంది. ఉంటే అక్కడే మార్చండి. అర్హతకు సంబంధించిన వివరమైతే, అక్కడ మార్చినా మెయిలు కూడా పంపండి. పాత ప్రతిని ఎవరైనా ఇప్పటికే దించుకుని జాబితాలో ఎక్కించుకుని ఉండవచ్చు. ఉద్యోగాల వెబ్‌సైట్లలో మీ ప్రొఫైల్ మార్చుకున్నంత మాత్రాన, వాళ్లు నిన్న దించుకున్న రెజ్యూమే మారిపోదు.

ఇంకో మెయిల్ చిరునామాతో రెండో దరఖాస్తు మాత్రం పెట్టకండి. మా ఆఫీసులో ఒకే ఫోను నంబరు రెండు దరఖాస్తుల్లో కనిపిస్తే వాటిని పక్కన పెట్టి చూసేవాళ్లం. రెండింటిలోనూ చేరిన తేదీలు వేరుగా ఉంటే, వీటిలో ఏది నిజమో తేల్చే ఓపిక ఎవరికీ ఉండదు. మీ మనసులో ఉన్నది సవరణే అయినా, అవతలివారికి అది దాగుడుమూతలాటలా కనిపిస్తుంది.

దరఖాస్తు కన్సల్టెన్సీ ద్వారా వెళ్లి ఉంటే ముందు వాళ్లకే రాయండి. కంపెనీకి మీ వివరాలు పంపింది వాళ్లు కాబట్టి సవరణ కూడా వాళ్ల చేతి మీదుగా వెళ్లాలి. "కంపెనీకి తెలియజేశామని మెయిల్లో ఒక మాట చెప్పండి" అని అడగండి. కన్సల్టెన్సీలో కొందరు "ఏం ఫర్వాలేదు, అలాగే ఉండనివ్వండి" అంటారు. వాళ్ల కమీషను మీరు చేరడంతో ముడిపడి ఉంటుంది, తర్వాత వచ్చే చిక్కు మాత్రం మీ ఒక్కరిదే. రాతపూర్వకంగా పంపాం అన్న ఆధారం మీ దగ్గర ఉండాలి. తెలిసినవారి సిఫారసుతో దరఖాస్తు చేసి ఉంటే, ముందు ఆ మనిషికి ఫోనులో చెప్పి, తర్వాత మెయిలు పంపండి. సంగతి వాళ్లకు ఇంకొకరి ద్వారా తెలియకూడదు.

సర్వీస్ కమిషన్, రైల్వే వంటి ప్రభుత్వ పరీక్షలకు ఈ వ్యాసం పనికిరాదు. సవరణకు గడువు ఇస్తే ఆ గడువులో, వాళ్ల పోర్టల్లోనే చేయాలి. ఎవరికో మెయిలు రాసి చేయించుకునేది కాదది.

మా వాడి పోర్టల్ ఒకసారి సమర్పించాక మార్చనివ్వలేదు. అందిందంటూ వచ్చిన మెయిలు `noreply` అన్న చిరునామా నుంచి వచ్చింది. దానికి జవాబిస్తే గోడకు చెప్పినట్టే. ప్రకటన అడుగున హెచ్‌ఆర్ విభాగం మెయిల్ చిరునామా, ఒక ఫోను నంబరు ఉన్నాయి. అవి తీసుకున్నాం.

మెయిలు

ప్రకటన ఏ భాషలో వస్తే ఆ భాషలో రాయండి. ఆంగ్లంలో రాసినా వరుస ఇదే. మా వాడు సోమవారం ఉదయం పంపినది ఇది:

> విషయం: దరఖాస్తులో సవరణ – క్వాలిటీ కంట్రోల్ ఎగ్జిక్యూటివ్ – దరఖాస్తు సంఖ్య 4471 – ఉద్యోగంలో చేరిన తేదీ
>
> నమస్కారం మేడమ్,
>
> క్వాలిటీ కంట్రోల్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి జులై 12న నేను పంపిన దరఖాస్తులో, గత ఉద్యోగంలో చేరిన తేదీని తప్పుగా నింపాను.
>
> దరఖాస్తులో ఉన్నది: 8 జూన్ 2021
> సరైనది: 6 ఆగస్టు 2021
>
> ఉద్యోగం వదిలిన తేదీ (30 జూన్ 2024), మిగిలిన వివరాలు సరైనవే. ఫారంలో నెల ముందు రాయాలన్నది గమనించకుండా రోజు ముందు రాశాను.
>
> ఈ సవరణతో నా అనుభవం 3 సంవత్సరాల 23 రోజులకు బదులు 2 సంవత్సరాల 10 నెలల 25 రోజులు అవుతుంది. ప్రకటనలో కనీసం 3 సంవత్సరాలు అడిగారు. ఈ ఉద్యోగానికి ముందు, 2021 జనవరి నుంచి మార్చి వరకు ఒక ఆక్వా ల్యాబులో శిక్షణ పొందాను. ఆ మూడు నెలలను నా అనుభవంలో కలపలేదు. కలపవచ్చా లేదా అన్నది మీ నిబంధనల ప్రకారం నిర్ణయించగలరు.
>
> అనుభవ ధ్రువపత్రం, శిక్షణ ధ్రువపత్రం జతచేశాను. రెజ్యూమేలో తేదీ సరిగానే ఉంది కాబట్టి దాన్ని మళ్లీ పంపడం లేదు.
>
> మీ నమోదులో తేదీ మార్చి, ఆ సంగతి నాకు తెలియజేయగలరు.
>
> (పేరు, దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరు)

ఈ మెయిలు వాడు రాసిన మొదటి రూపం కాదు. మొదటి దాంట్లో ఇంట్లో కరెంటు పోవడం, నెట్ సరిగా రాకపోవడం, చివరి తేదీ దగ్గర పడిందన్న కంగారు, అన్నీ ఉన్నాయి. నాలుగు సార్లు క్షమించమని అడిగాడు. అవన్నీ కొట్టించాను. కారణం ఒక వాక్యంలో చెప్పాలి, అదీ తప్పు ఎలా జరిగిందో తెలిపేది అయి ఉండాలి. నెల, రోజు తారుమారయ్యాయి అనగానే చదివే మనిషి తన ఫారంలోని గడిని గుర్తు చేసుకుని "అవును, ఇది చాలామందికి జరుగుతుంది" అనుకుంటారు. కరెంటు పోయిందంటే మీ మీద జాలి కలుగుతుందేమో, తేదీ ఎందుకు తప్పిందో మాత్రం తెలియదు.

విషయం గీతలోనే ఉద్యోగం పేరు, సంఖ్య, మారిన గడి మూడూ ఉండాలి. రిక్రూటర్ పెట్టెలో ఒకే రోజు అయిదు ఉద్యోగాల మెయిళ్లు పడతాయి. సంఖ్య లేకపోతే మీ పేరుతో వెతకాలి, మన వైపు ఒకే పేరున్న దుర్గాప్రసాదులు, సత్యనారాయణలు ఎంతమందో మీకు తెలుసు.

తప్పు, ఒప్పు రెండింటినీ ఒకదాని కింద ఒకటి విడి గీతల్లో పెట్టండి. నెలను అక్షరాల్లో రాయండి. తేదీ తారుమారైందని చెప్పే మెయిల్లో మళ్లీ `06/08/2021` అని రాస్తే ఇద్దరూ మొదటికే వస్తారు.

"మిగిలిన వివరాలు సరైనవే" అన్న మాటను అలవాటుగా రాసేయకండి. అన్నీ సరిచూశాక మాత్రమే రాయండి. ఈ మాట ఉంటే చదివేవారు ఫైలు మొత్తం తిరగేయనక్కర్లేదు, కాబట్టి వాళ్లకు ఎంతో పని తగ్గుతుంది. మీకు మాత్రం ఇది పూచీకత్తు.

ఇక అనుభవం తగ్గుతుందన్న పేరా. రాయడానికి మా వాడు ఎక్కువ వెనకాడింది ఇక్కడే. "తేదీ చెప్పాం కదా, లెక్క వాళ్లే వేసుకుంటారు" అన్నాడు. లెక్క వాళ్లకు వదిలేస్తే రెండు నష్టాలున్నాయి. వాళ్లు వేసుకోకపోతే మీ పేరు తప్పు అర్హతతోనే ముందుకు వెళుతుంది, చివర్లో బయటపడినప్పుడు "తేదీ సవరించాడు గాని అర్హత పోతుందన్న సంగతి దాచాడు" అంటారు. వేసుకుంటే, మీరు దాన్ని చెప్పకుండా తప్పించుకున్నారని వాళ్లకు అనిపిస్తుంది. మీరే చెప్తే రెండూ ఉండవు. అయితే అంతటితో ఆగిపోకండి, "కాబట్టి నేను అనర్హుణ్ని" అని తీర్పు మీరే ఇచ్చేయకండి. ప్రకటనలో మూడేళ్లని రాసినా, రెండు నెలల తక్కువను చూసీచూడనట్టు వదిలే అధికారం విభాగాధిపతికి ఉండే కంపెనీలున్నాయి, ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోని కంపెనీలూ ఉన్నాయి. ఆ నిర్ణయం వాళ్లది.

శిక్షణ మూడు నెలలను నేరుగా కలిపేసి "3 సంవత్సరాల 1 నెల" అని రాద్దామన్నాడు. వద్దన్నాను. చేతిలో ధ్రువపత్రం ఉంది కాబట్టి విడిగా చెప్పుకోవచ్చు. ఉద్యోగంతో కలిపి ఒకే అంకెగా చేస్తే మాత్రం సవరణలోనే ఇంకో సవరణ అవసరమవుతుంది. ధ్రువపత్రం లేని శిక్షణ అయితే ఈ మెయిల్లో అసలు ప్రస్తావించకండి.

జత చేసే కాగితం ఆ తేదీని నిరూపించేది మాత్రమే అయి ఉండాలి. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం అడగకుండా పంపకండి. ధ్రువపత్రం లేక జీతం చీటీ పంపవలసి వస్తే బ్యాంకు ఖాతా సంఖ్య కనిపించకుండా చేసి పంపండి. ఫైలు పేరులో మీ పేరు, దరఖాస్తు సంఖ్య ఉండాలి. `scan0012.pdf` అన్న ఫైలు దించుకున్న మరుక్షణం ఎవరిదో తెలియకుండా పోతుంది. రెజ్యూమేలోనే తప్పు ఉంటే ఆ ఒక్క గీత మార్చి పంపండి. సందు దొరికింది కదా అని కొత్త నైపుణ్యాలు రెండు, మెరుగుపరచిన వాక్యాలు నాలుగు చేర్చకండి. అలా చేర్చాక "ఒక్క తేదీ మాత్రమే మార్చాను" అనడం అబద్ధమవుతుంది.

వేరే తప్పులకు ఇదే మెయిలు

ఫోను నంబరు తప్పైతే మెయిలు రాసి కూర్చోకండి, ఆ రోజే ఫోను చేసి చెప్పి, వెంటనే రెండు వాక్యాల మెయిలు పంపండి. ఇంటర్వ్యూ పిలుపు ఎవరో అపరిచితుడికి వెళ్లిపోతుంది. దీనికి కారణం, ఆధారం ఏవీ అక్కర్లేదు.

మార్కుల శాతం తప్పైతే తేదీ పద్ధతే. సీజీపీఏను పదితో గుణించి శాతంగా రాసేవాళ్లను చాలామందిని చూశాను. అన్ని విశ్వవిద్యాలయాలకూ అది చెల్లదు. మీ విశ్వవిద్యాలయం నిబంధనల్లో ఏ సూత్రం ఇచ్చిందో చూసి, తప్పు శాతం, సరైన శాతం, వాడిన సూత్రం మూడూ మెయిల్లో రాయండి. సవరించిన శాతం ప్రకటనలో అడిగిన దానికంటే తగ్గితే ఆ మాట కూడా మీరే చెప్పండి.

ఉద్యోగం ఇస్తామన్న ఉత్తరం చేతికొచ్చాక తప్పు కనిపిస్తే మాత్రం వరుస మారుతుంది. ముందు ఫోను, ఆ తర్వాత అదే రోజు మెయిలు. జీతం, హోదా ఆ తప్పు అంకె మీద ఆధారపడి నిర్ణయమై ఉండవచ్చు కాబట్టి, వాళ్లు ఆ ఉత్తరాన్ని మార్చే వీలుందని తెలుసుకునే మాట్లాడండి. సంతకం పెట్టాక "పైన ఇచ్చిన వివరాలన్నీ నిజం" అన్న వాక్యం మీ మీద ఉంటుంది, అది గుర్తుంచుకుని సంతకానికి ముందే చెప్పండి.

పంపాక

మెయిలు పంపిన రోజే, పదకొండు గంటల ప్రాంతంలో, ప్రకటనలోని నంబరుకు మా వాడు ఒక వాట్సాప్ సందేశం పెట్టాడు. "నమస్కారం మేడమ్. దరఖాస్తు సంఖ్య 4471, క్వాలిటీ కంట్రోల్ ఎగ్జిక్యూటివ్. చేరిన తేదీలో సవరణ కోరుతూ ఈ ఉదయం మెయిలు పంపాను. చూడగలరు." అంతే. వివరాలు మెయిల్లో ఉన్నాయి, ఇక్కడ మళ్లీ చెబితే రెండు చోట్ల రెండు రకాలుగా మిగులుతాయి. పొద్దున్న ఎనిమిదింటికి ప్లాంటులో హెచ్‌ఆర్ వాళ్లకు షిఫ్టుల హాజరుతోనే సరిపోతుంది, రాత్రి పదింటికి పంపితే ఎవరికైనా చిరాకే.

రెండు పని దినాలు ఆగండి. జవాబు రాకపోతే అదే మెయిలుకు జవాబుగా, కింద పాత మెయిలు కనిపించేలా, ఒకే ఒక్క వాక్యం రాయండి: "ఈ సవరణ నమోదైందో లేదో తెలియజేయగలరు." కొత్తగా ఇంకో మెయిలు మొదలుపెట్టకండి. ఆ తర్వాత కూడా మౌనమే అయితే ఒకసారి ఫోను చేయండి. అంతకు మించి వెంటపడకండి. మీరు పంపిన మెయిలు తేదీ, సమయంతో సహా మీ దగ్గర ఉంది, కావలసింది అదే. దాన్ని ప్రింటు తీసి ధ్రువపత్రాల ఫైల్లో పెట్టుకోండి.

మా వాడికి బుధవారం జవాబు వచ్చింది. "తేదీ మార్చాము. అర్హత విషయం విభాగాధిపతి పరిశీలిస్తారు" అన్నది రెండు వాక్యాల్లో. వారం తర్వాత ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పిలుపు వచ్చింది కాబట్టి అంతా సర్దుకుందని వాడు అనుకున్నాడు గాని, ప్రింటు తీసుకెళ్లమని పట్టుబట్టాను. నాకు ఆ ఆఫీసుల పద్ధతి తెలుసు. ఇంటర్వ్యూ బల్ల మీద ఉండే జాబితా ఒక్కోసారి సవరణకు ముందే తీసి పెట్టుకున్నది అయి ఉంటుంది.

అలాగే అయింది. లోపలికి వెళ్లి కూర్చోగానే క్వాలిటీ మేనేజరు కాగితం చూస్తూ "మూడేళ్లు దాటిందా?" అన్నారట. వాడు "లేదండీ, రెండేళ్ల పది నెలలే. ఆ తేదీ తప్పని జులై 15న మెయిలు పంపాను" అని ప్రింటు ముందు పెట్టాడు. ఆయన దాన్ని ఒకసారి చదివి, పెన్ను తీసి జాబితాలో జూన్ 8ని కొట్టేసి ఆగస్టు 6 అని రాసుకుని, "సరే, రొయ్య లోపలి ఉష్ణోగ్రత ఎక్కడ పెట్టి తీస్తావు?" అని అడిగారట.